మాడ్ లెక్కల్లో వచ్చిన జవాబు నిలుస్తుందా? కేసులుగా విడదీయడం, సరిచూడడం, కొట్టివేయడం

పియుసి మొదటి సంవత్సరం వర్క్‌షీట్‌లో |x − 4| = 2x + 1 అనే లెక్క కనబడితే చాలామంది పిల్లలు చకచకా రెండు జవాబులు రాసేస్తారు: −5, 1. కూడికలో, తీసివేతలో ఎక్కడా తప్పు ఉండదు. అయినా ఆ రెండింట్లో ఒకటి జవాబు కాదు. తప్పు చేయకుండానే తప్పు జవాబు ఎలా వచ్చిందో అర్థమైతే ఈ అధ్యాయంలో మిగిలిన కష్టం సగానికి పైగా తీరిపోతుంది. అందుకే ఈ ఒక్క లెక్కనే పట్టుకుని, దాన్నే అటూ ఇటూ తిప్పుతూ చూద్దాం.

నేను బెంగళూరులో మారతహళ్లి దగ్గర సాయంత్రం పూట తెలుగు పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. వీళ్లకు కాలేజీలో పాఠమంతా ఇంగ్లీషులోనే. ఇంట్లో పక్కన కూర్చుని చూసే తల్లిదండ్రుల్లో చాలామంది అనంతపురంలోనో చిత్తూరులోనో తెలుగు మాధ్యమంలో చదివినవారు. పెద్దలు పరమమూల్యం అంటారు, పిల్లలు మాడ్ అంటారు. రెండూ ఒకటే కాబట్టి ఇక్కడ రెండు మాటలూ వాడతాను.

మొదట మాడ్‌ను ఒంటరిగా నిలబెట్టాలి

కేసులుగా విడదీసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మాడ్ గీతల బయట ఉన్న సంఖ్యలన్నిటినీ అవతలి పక్కకు పంపించాలి. 3|x − 2| + 4 = 19 అని ఉంటే ముందు 4 తీసేయాలి, తరువాత 3తో భాగించాలి. అప్పుడు |x − 2| = 5 మిగులుతుంది. x − 2 అనేది 5 కావచ్చు, −5 కావచ్చు. కాబట్టి x = 7 లేదా x = −3.

తొందరపడి మాడ్ గీతలు చెరిపేసి, కుడిపక్కన ±19 పెడితే ఏమవుతుందో చూడండి. 3(x − 2) + 4 = 19 నుంచి 7 సరిగానే వస్తుంది. 3(x − 2) + 4 = −19 నుంచి మాత్రం x = −17/3 వస్తుంది. దాన్ని అసలు సమీకరణంలో పెడితే ఎడమపక్క 27 అవుతుంది, 19 కాదు. ఒక జవాబు సరిగ్గా రావడమే ఇక్కడ ప్రమాదం. పుస్తకం వెనక ఉన్న 7తో సరిపోయింది కదా అని పిల్లలు పద్ధతినే నమ్మేస్తారు.

కుడిపక్కన వట్టి ధన సంఖ్య మిగిలితే పని అంతటితో అయిపోయినట్టే. వచ్చిన రెండు విలువలూ నిలుస్తాయి. కుడిపక్క రుణ సంఖ్య మిగిలితే, ఉదాహరణకు |x − 2| = −5 అని వస్తే, ఇంకేమీ చేయనక్కరలేదు. పరమమూల్యం సున్నా కంటే తక్కువ కాలేదు కాబట్టి సాధన లేదని రాసి తరువాతి లెక్కకు వెళ్లవచ్చు. చిక్కంతా కుడిపక్కన కూడా x ఉన్నప్పుడే. అది ధనమో రుణమో ముందుగా చెప్పలేం.

కేసుతో పాటు దాని షరతు రాయాలి

పరమమూల్యం నిర్వచనం రెండు ముక్కలు. A సున్నా లేదా అంతకంటే ఎక్కువైతే |A| = A. A సున్నా కంటే తక్కువైతే |A| = −A. రెండో ముక్కలో మైనస్ చూసి కంగారుపడనక్కరలేదు. A రుణమైనప్పుడు −A ధనమే అవుతుంది.

మన లెక్కలో A అంటే x − 4. అది సున్నా అయ్యే చోటు x = 4. సంఖ్యారేఖను అక్కడ కోయాలి.

మొదటి కేసు, x ≥ 4 అనుకుందాం. అప్పుడు గీతలు అలాగే తీసేయవచ్చు: x − 4 = 2x + 1. దీని నుంచి x = −5. కానీ ఈ కేసు మొదలుపెట్టిందే x కనీసం 4 అనుకుని. −5 ఆ హద్దుకు బయట ఉంది. కాబట్టి కొట్టివేయాలి.

రెండో కేసు, x < 4. ఇప్పుడు గీతలు తీసి గుర్తు మార్చాలి: 4 − x = 2x + 1. 3x = 3 కాబట్టి x = 1. అది 4 కంటే తక్కువే. నిలుస్తుంది.

జవాబు x = 1 ఒక్కటే. వర్క్‌షీట్‌లో చాలామంది చేసే పొరపాటు ‘x ≥ 4 అయితే’ అన్న ఆ చిన్న వాక్యాన్ని రాయకపోవడం. అది రాయకపోతే −5ను ఆపేది ఏదీ ఉండదు. నా దగ్గరకు వచ్చే పిల్లలకు ఒక నియమం పెట్టాను: షరతును కేసు పైన రాసి కింద గీత గీసిన తరువాతే సమీకరణం మొదలుపెట్టాలి. విసుక్కుంటారు, కానీ మానరు.

ఇంతకీ ఆ −5 ఎక్కడి నుంచి వచ్చింది? y = x − 4 అనే సరళరేఖను ఊహించుకోండి. x = 4కు ఎడమవైపు అది x అక్షం కిందికి దిగుతుంది. మాడ్ పెట్టగానే కిందికి దిగిన ఆ భాగం, కాగితాన్ని అక్షం దగ్గర మడిచినట్టు, పైకి వస్తుంది. y = 2x + 1 అనే రెండో రేఖ మడవక ముందున్న పాత రేఖను x = −5 దగ్గర, −9 లోతులో కలుసుకుంటుంది. మడిచాక అక్కడ రేఖే లేదు. గీతలు తీసేసి చేసిన బీజగణితానికి మాత్రం ఈ మడత తెలియదు, పాత రేఖ పూర్తిగా ఉన్నట్టే లెక్క కట్టి మనకు ఆ పాత కలయికను చూపిస్తుంది.

సరిచూసినప్పుడు ఏమి కనిపించాలి

షరతు రాసినా సరే, వచ్చిన విలువను అసలు సమీకరణంలో పెట్టి చూడాలి. అసలు సమీకరణం అంటే ప్రశ్నలో అచ్చయిన సమీకరణం, మధ్యలో మనం రాసుకున్న వరస కాదు. x − 4 = 2x + 1లో −5 పెడితే రెండు పక్కలా −9 వచ్చి అంతా బాగున్నట్టే కనబడుతుంది.

అసలు దాంట్లో x = 1 పెడితే ఎడమపక్క |−3|, అంటే 3. కుడిపక్క 2 + 1, అంటే 3. సరిపోయింది. x = −5 పెడితే ఎడమపక్క |−9|, అంటే 9. కుడిపక్క −10 + 1, అంటే −9.

ఈ 9, −9 జంటను కాస్త ఆగి చూడమని చెబుతాను. ఒక పక్క ఒకే మాడ్, మరో పక్క మాడ్ లేని రాశి ఉన్న సమీకరణాల్లో, లెక్క సరిగ్గా చేసినా కొట్టివేయాల్సి వచ్చిన విలువ ఎప్పుడూ ఇలాగే పట్టుబడుతుంది: రెండు పక్కలా ఒకే సంఖ్య, గుర్తులు మాత్రం ఎదురెదురు. కారణం తేలికే. ఆ విలువ A = B లేదా A = −B అన్నదాంట్లోంచి వచ్చింది కాబట్టి పరిమాణం తప్పకుండా సరిపోతుంది, తేడా గుర్తులోనే ఉండగలదు. అలా కాకుండా ఒక పక్క 9, ఇంకో పక్క 4 వచ్చిందంటే అది కొట్టివేయాల్సిన జవాబు కాదు, మీ లెక్కలోనే పొరపాటు ఉంది. వెనక్కి వెళ్లి వెతకాలి. ఈ తేడా తెలియక, కూడిక తప్పిన జవాబును కూడా ‘సరిపోలేదు’ అని కొట్టేసి, సాధన లేదని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇదే మాట నుంచి ఒక దగ్గరి దారి కూడా దొరుకుతుంది. |A| = B లెక్కలో B సున్నా లేదా అంతకంటే ఎక్కువ కావాలి అన్న ఒక్క షరతు చాలు. మన లెక్కలో 2x + 1 ≥ 0, అంటే x ≥ −1/2. −5 ఇక్కడే ఆగిపోతుంది, 1 దాటుతుంది. రెండు కేసులకు రెండు షరతులు రాయడం కంటే ఇది త్వరగా అవుతుంది. అసమీకరణాల్లో మాత్రం దీన్ని అలాగే ఎత్తి వాడకూడదు. ఎందుకో తరువాత చూస్తాం.

మైనస్ వచ్చినంత మాత్రాన కొట్టేయకూడదు

|x + 3| = 2x + 9 అనే లెక్క ఇచ్చినప్పుడు ఒక అమ్మాయి −6, −4 అని రెండూ తెచ్చి, రెండింటి మీదా అడ్డగీత కొట్టేసింది.

“ఎందుకమ్మా కొట్టేశావు?” అన్నాను.

“రెండూ మైనస్ కదా సార్. మాడ్‌కు మైనస్ ఉండదన్నారు.”

“మాడ్ విలువకు ఉండదన్నాను. x కు ఉండదని ఎవరన్నారు?”

పెట్టి చూడమన్నాను. x = −4 పెడితే ఎడమపక్క |−1| = 1, కుడిపక్క −8 + 9 = 1. నిలిచింది. x = −6 పెడితే ఎడమపక్క 3, కుడిపక్క −3. పోయింది. రెండూ రుణ సంఖ్యలే, కానీ ఒకటి జవాబు, ఒకటి కాదు.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ |2x − 3| = x − 6. కేసుల నుంచి −3, 3 వస్తాయి. 3 ధన సంఖ్య కదా అని ఉంచేయబోతారు. పెట్టి చూస్తే ఎడమపక్క 3, కుడిపక్క −3. −3 పెడితే 9, −9. రెండూ పోయాయి, కాబట్టి సాధన లేదు. కుడిపక్క రుణం కాకుండా ఉండాలంటే x కనీసం 6 కావాలి, వచ్చిన రెండూ దానికి చాలా దూరంలో ఉన్నాయి. రెండు విలువలూ పోయినప్పుడు పిల్లలకు తామే ఎక్కడో తప్పు చేశామన్న భయం పట్టుకుంటుంది. ఆ ఎదురెదురు గుర్తుల జంట కనబడితే భయపడనక్కరలేదు.

అసమీకరణానికి వస్తే: కేసు లోపల ‘మరియు’, కేసుల మధ్య ‘లేదా’

ఇప్పుడు అదే లెక్కలో సమాన గుర్తు తీసి |x − 4| < 2x + 1 చేద్దాం. ఇక్కడ ఒక విలువను కొట్టివేయడం కాదు, సంఖ్యారేఖ మీద కొంత ముక్కను కత్తిరించాల్సి వస్తుంది.

మొదటి కేసు, x ≥ 4. x − 4 < 2x + 1 నుంచి x > −5. కేసు షరతు x ≥ 4 కూడా ఉంది. రెండూ ఒకేసారి నిజం కావాలి కాబట్టి మిగిలేది x ≥ 4 మాత్రమే. −5 నుంచి 4 దాకా ఉన్న ముక్క పోయింది.

రెండో కేసు, x < 4. 4 − x < 2x + 1. పక్కలు మారిస్తే −3x < −3. రుణ సంఖ్యతో భాగిస్తున్నాం కాబట్టి గుర్తు తిరగబడుతుంది: x > 1. షరతుతో కలిపితే 1 < x < 4.

రెండు కేసుల్లో ఏదైనా కావచ్చు కాబట్టి ఇప్పుడు కలపాలి. 1 నుంచి 4 దాకా ఒక ముక్క, 4 నుంచి అనంతం దాకా ఇంకొకటి. అతికితే x > 1. అంతరంగా రాస్తే (1, ∞).

కేసు షరతును పట్టించుకోకుండా x > −5, x > 1 అని రెండూ రాసుకుని ‘లేదా’ పెట్టి కలిపితే x > −5 వస్తుంది. సమీకరణంలో కొట్టేసిన −5 ఇక్కడ హద్దు వేషంలో మళ్లీ వచ్చింది. పట్టుకోవడం ఎలా? ఆ జవాబులోంచి తేలికైన సంఖ్యను, సాధారణంగా 0ను తీసుకుని ప్రశ్నలో పెట్టండి. |−4| = 4, కుడిపక్క 1. 4 < 1 అబద్ధం. కాబట్టి జవాబు తప్పు.

అసమీకరణంలో అన్ని విలువలనూ పెట్టి చూడలేం కదా అని అడుగుతారు. అక్కరలేదు. సమీకరణానికి నిలిచిన సాధన x = 1 ఒక్కటే. ఎడమపక్క, కుడిపక్క ఒకదాన్నొకటి దాటగలిగే చోటు అదొక్కటే. కాబట్టి 1కి ఎడమవైపు ఒక సంఖ్య, కుడివైపు ఒక సంఖ్య పరీక్షిస్తే చాలు. 0 పెడితే అబద్ధం, 2 పెడితే |−2| = 2, కుడిపక్క 5, నిజం. హద్దు అయిన 1 దగ్గర 3, 3 సమానం. గుర్తు < కాబట్టి 1 చేరదు. ≤ అయి ఉంటే చేరేది.

తప్పు జవాబు చేరడం ఒకటి, నిజమైన జవాబు జారిపోవడం ఇంకొకటి

గుర్తు తిప్పి |x − 4| > 2x + 1 తీసుకుందాం. కేసులతో చేస్తే మొదటి కేసులో x < −5 వస్తుంది, అది x ≥ 4తో కలవదు కాబట్టి ఏమీ మిగలదు. రెండో కేసులో x < 1, అది 4 కంటే తక్కువే కాబట్టి అలాగే ఉంటుంది. జవాబు x < 1.

కొంతమందికి రెండు పక్కలనూ వర్గం చేయడం ఇష్టం. మాడ్ మాయమవుతుంది, కేసులు రాసే పని తప్పుతుంది. చేసి చూద్దాం. (x − 4)² > (2x + 1)² ను విస్తరించి సర్దితే x² + 4x − 5 < 0 వస్తుంది. దాని కారణాంకాలు (x + 5)(x − 1). కాబట్టి −5 < x < 1.

ఈ అంతరంలోంచి ఏ సంఖ్య తీసి ప్రశ్నలో పెట్టినా నిజమే అవుతుంది. 0 పెడితే 4 > 1. −4 పెడితే 8 > −7. సరిచూశాను, అన్నీ నిలిచాయి అని సంతోషంగా రాసేస్తారు. కానీ x = −10 పెట్టి చూడండి. ఎడమపక్క 14, కుడిపక్క −19. 14 > −19 నిజమే. −10 జవాబే, అయినా అంతరంలో లేదు. −5, దానికి ఎడమవైపు ఉన్నవన్నీ జారిపోయాయి.

కుడిపక్క రుణంగా ఉన్నచోట, అంటే x < −1/2 అయినప్పుడు, పరమమూల్యం దానికంటే ఎలాగూ పెద్దదే. వర్గం చేస్తే ఆ −19 కాస్తా 361 అయిపోయి, 14 వర్గమైన 196 కంటే పెద్దదైపోతుంది. సమీకరణాల్లో పనికొచ్చిన ‘కుడిపక్క రుణమైతే కొట్టెయ్’ అన్న దగ్గరి దారి > గుర్తు దగ్గర సరిగ్గా తలకిందులవుతుంది. అక్కడ కుడిపక్క రుణమైతే మొత్తం ఉంచుకోవాలి.

అందుకే అసమీకరణంలో సరిచూడడమంటే జవాబు లోపలి సంఖ్యను ఒకటి పెట్టి ఊరుకోవడం కాదు. బయటి సంఖ్యను కూడా పెట్టి, అది నిజంగా విఫలమవుతుందో లేదో చూడాలి. లోపలి పరీక్ష తప్పుగా చేరినవాటిని పట్టుకుంటుంది, జారిపోయినవాటిని బయటి పరీక్షే పట్టుకుంటుంది.

రెండు మాడ్‌లు ఉన్నప్పుడు

|x − 1| + |x − 4| = 7 వంటి లెక్కలో రెండు గుర్తులకు నాలుగు కలయికలు రాయనక్కరలేదు. లోపలివి సున్నా అయ్యే చోట్లు 1, 4. అక్కడ కోస్తే సంఖ్యారేఖ మూడు ముక్కలవుతుంది. x < 1 అయితే ఎడమపక్క 5 − 2x, దాన్నుంచి x = −1, నిలుస్తుంది. 1 ≤ x < 4 అయితే ఎడమపక్క x అంతా పోయి 3 మిగులుతుంది. 3 = 7 కాదు కాబట్టి ఇక్కడ ఏమీ లేదు. x ≥ 4 అయితే 2x − 5 = 7, x = 6, నిలుస్తుంది. నాలుగో కలయిక, x < 1 మరియు x ≥ 4, ఉండే అవకాశమే లేదు.

ఇందులో ఆసక్తికరమైన లెక్క కుడిపక్క 3 ఉన్నప్పుడు వస్తుంది: |x − 1| + |x − 4| = 3. మొదటి ముక్కలో 5 − 2x = 3 నుంచి x = 1 వస్తుంది, కానీ షరతు x < 1. కొట్టివేయాలి. మధ్య ముక్కలో 3 = 3, అంటే 1 ≤ x < 4లోని ప్రతి సంఖ్యా జవాబే. మూడో ముక్కలో x = 4 నిలుస్తుంది. మొత్తం జవాబు 1 ≤ x ≤ 4.

ఇక్కడ x = 1 ఏమైందో గమనించండి. మొదటి ముక్కలో కొట్టేశాం, రెండో ముక్కలో అదే లోపలికి వచ్చింది. ప్రశ్నలో పెడితే 0 + 3 = 3, సరిపోతుంది కూడా. ఒక కేసులో కొట్టివేయడమంటే ‘ఇది ఈ ముక్కకు చెందదు’ అని మాత్రమే, ‘ఇది జవాబు కాదు’ అని కాదు. హద్దు మీద పడ్డ విలువ పక్క ముక్కకు చెందవచ్చు. కాబట్టి కొట్టేసిన విలువ సరిగ్గా హద్దు మీద ఉంటే పక్క ముక్కలో దాన్ని వెతకాలి, అనుమానం ఉంటే ప్రశ్నలోనే పెట్టి తేల్చుకోవాలి.

కుడిపక్క 3 తీసి 2 పెడితే మొదటి ముక్కలో 3/2, మూడో ముక్కలో 7/2 వస్తాయి. రెండూ తమ ముక్కల బయట ఉన్నాయి, మధ్య ముక్కలో 3 = 2 కాదు. సాధన లేదు. ఇక్కడ సరిచూస్తే మాత్రం ఆ ఎదురెదురు గుర్తుల జంట కనిపించదు. 3/2 పెట్టినా, 7/2 పెట్టినా ఎడమపక్క 3, కుడిపక్క 2 వస్తాయి, ఎందుకంటే 1, 4 మధ్య ఎక్కడ నిలబడినా ఆ రెండు దూరాల మొత్తం 3కు తగ్గదు, పెరగదు. రెండు మాడ్‌లు కలిసిన చోట గుర్తులు ఎదురెదురు కాలేదు కదా అని లెక్క తప్పిందనుకుని మళ్లీ మొదటి నుంచి చేయనక్కరలేదు. ఇక్కడ ఆ విలువ ఏ ముక్కలో పడిందన్నదే పరీక్ష.